“సరే సార్” అంటే పని అయినట్టేనా? మన వాట్సాప్ బాట్ లెక్కల కథ

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వారానికి ఒక్కటే సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి, కాస్త కునుకు తీయాలి. అవన్నీ పక్కనపెట్టి క్యాంపుల నుంచి బస్సులు పట్టుకుని వచ్చారు. కాబట్టి ఊకదంపుడు లేకుండా, నాకు అప్పజెప్పిన విషయం ఒక్కటే చెప్పి కూర్చుంటాను.

మన ఫోరం వాట్సాప్‌లో ఒక బాట్ పెట్టిన సంగతి మీకు తెలుసు. గ్రాట్యుటీ ఎంత వస్తుంది, జీతం ఆగితే ఎక్కడ ఫిర్యాదు చేయాలి, పాస్‌పోర్ట్ కంపెనీ దగ్గర ఉండిపోతే ఏం చేయాలి, ఇలాంటివి తెలుగులో అడిగితే జవాబు చెప్పే ఏర్పాటు. పగలు నేను ఒక ఆఫీసులో ఇలాంటి బాట్ల లెక్కలు చూసే పనే చేస్తాను. రాత్రి రూముకొచ్చాక మన బాట్ లెక్కలు చూస్తాను. ఈ రెండో పనికి జీతం లేదు గానీ, నాకు నిద్ర పట్టకుండా చేసింది మాత్రం ఇదే.

ఎందుకంటే, మొదలుపెట్టిన తర్వాత మొదటి నెల రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. బాట్ నడిపే సాఫ్ట్‌వేర్ వాళ్లు మనకొక డాష్‌బోర్డ్ ఇచ్చారు. అందులో పెద్ద పచ్చ అక్షరాలతో “రిజాల్వ్డ్: 82 శాతం” అని ఉంది. అంటే నూరు మంది అడిగితే 82 మంది సమస్య తీరిపోయిందన్నమాట. కమిటీలో చప్పట్లు కొట్టారు. అదే వారం మన వాలంటీర్ల ఫోన్లు మాత్రం ఎప్పటిలాగే మోగుతున్నాయి. 82 మందికి పని అయిపోతే ఈ ఫోన్లన్నీ ఎవరివి? అక్కడ నాకు అనుమానం మొదలైంది.

ఇక్కడొక మాట. నేను చెప్పబోయే అంకెలు రిపోర్టులోంచి దించినవి కావు. లెక్క మీకు సులువుగా అర్థం కావాలని నూరుకు కుదించి, గుండ్రంగా చేసి చెబుతున్నాను. లెక్క చేసే పద్ధతి మాత్రం అసలుదే.

ఆ పచ్చ అంకె ఎలా పుట్టిందని సాఫ్ట్‌వేర్ వాళ్లను అడిగాను. వాళ్ల నియమం ఇది: మనిషికి అప్పగించని సంభాషణ ఏదైనా సరే, 24 గంటలు అవతలి నుంచి మాట లేకపోతే అది “పరిష్కారమైనట్టు”. నూరు మందిలో 18 మందిని బాట్ వాలంటీర్‌కి అప్పగించింది. మిగిలింది 82. అంతే! ఆ 82 మంది ఏమయ్యారో ఎవరూ చూడలేదు. మాట్లాడకుండా పోయినవాడు సంతోషంగా పోయాడని అనుకున్నారు.

మా వృత్తిలో దీనికి వేరే పేరుంది, కంటైన్‌మెంట్ అంటారు. అంటే బాట్ దగ్గరే ఆగిపోయినవాళ్లు, మనిషి దాకా రానివాళ్లు. ఖర్చు ఎంత మిగిలిందో తెలియాలంటే అది పనికొచ్చే అంకె. ఫోన్ ఎత్తే ఉద్యోగుల్ని తగ్గించుకోవాలనుకునే కంపెనీకి అది కావాలి. మనకు కావలసింది రిజల్యూషన్, అంటే అడిగినవాడి పని అయిందా లేదా అని. ఈ రెండూ ఒకటి కావు. రెండింటికీ ఒకే పేరు పెట్టి చూపిస్తే మొదటి దానికి రెండో దాని గౌరవం దక్కుతుంది.

సరే, ఆ 82 మందిని విప్పి చూద్దాం. నేను మన కమిటీలో ఇద్దరిని కూర్చోబెట్టుకుని, ఫోన్ నంబర్లు, ఐడీ నంబర్లు కనబడకుండా చెరిపేసి, సంభాషణలు ఒక్కొక్కటే చదివాను.

అందులో తొమ్మిది మంది “హాయ్” అని, మెనూ చూసి వెళ్లిపోయారు. ఏమీ అడగలేదు. అడగని ప్రశ్న తీరిందనీ అనలేం, తీరలేదనీ అనలేం. వాళ్లను లెక్కలోంచే తీసేయాలి. అంటే ఇప్పుడు మన నూరు 91 అయింది.

ముప్పై మంది మధ్యలో వదిలేశారు. బాట్ ఏదో ప్రశ్న అడిగింది, వీళ్లు జవాబు చెప్పలేదు. జవాబు వాళ్లకు అందనే లేదు. వీళ్లు కూడా ఆ పచ్చ 82లో ఉన్నారు!

మిగిలిన 43 మంది చివరి జవాబు దాకా వచ్చారు. అప్పుడు బాట్ “మీ ప్రశ్నకు జవాబు దొరికిందా?” అని అడుగుతుంది. 17 మంది అవును అన్నారు. నలుగురు లేదు అన్నారు. ఆ “లేదు” అన్న నలుగురు కూడా మనిషి దాకా రాలేదు గనక రిజాల్వ్డ్ ఖాతాలోనే పడ్డారు. మిగతా 22 మంది ఏమీ అనలేదు.

ఇప్పుడు ఇంకో పని చేశాం. జవాబు దొరికాక ఏడు రోజుల లోపల అదే విషయం మీద మళ్లీ బాట్‌కి రాసినవాళ్లు, లేదా మన వాలంటీర్‌కి ఫోన్ చేసినవాళ్లు ఎవరని చూశాం. ఏమీ అనని 22 మందిలో ఐదుగురు, అవును అన్న 17 మందిలో ఇద్దరు తిరిగొచ్చారు. పని అయితే మళ్లీ ఎందుకొస్తారు?

కలిపి చూడండి. పని అయిందని గట్టిగా చెప్పగలిగింది 15 మంది. తెలియనివాళ్లు 17 మంది. పని కానివాళ్లు 41 మంది. వాలంటీర్‌కి వెళ్లినవాళ్లు 18 మంది. మొత్తం 91. అంటే బాట్ ఒక్కటే తీర్చిన సమస్యలు నూటికి 16కి తక్కువ కాదు, 35కి ఎక్కువ కాదు. 82 అన్నది ఎక్కడ, ఇది ఎక్కడ? కమిటీలో ఒక పెద్దాయన “మొదటి అంకే బాగుందయ్యా” అన్నాడు. నవ్వుకున్నాం. తర్వాతి నెల నుంచి మాత్రం రిపోర్టులో ఒక అంకె కాకుండా రెండు అంకెలు రాస్తున్నాం, తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని. తెలియని 17 మందిని ఏదో ఒక వైపు తోసేయడం అబద్ధం అవుతుంది.

రిజల్యూషన్ రేటు చెప్పేది ఇంతే: ఎంత మందికి పని అయింది అని. ఎందుకు కాలేదో అది చెప్పదు. దానికి ఆ ముప్పై మంది దగ్గరికి వెళ్లాలి, మధ్యలో వదిలేసినవాళ్ల దగ్గరికి. డ్రాప్-ఆఫ్ అంటారు.

మన బాట్‌లో ఎక్కువ మంది వాడేది గ్రాట్యుటీ లెక్క. ఇక్కడ యూఏఈలో ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లకు చట్టం 2021లో మారి, 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. ఏడాది నిండితే గ్రాట్యుటీకి హక్కు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఐదేళ్లు దాటాక ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్. జీతం లేకుండా సెలవులో ఉన్న రోజులు సర్వీసులోకి రావు. పని ముగిశాక 14 రోజుల్లో లెక్క తేల్చి డబ్బు ఇవ్వాలి. ఈ లెక్క చేయడానికి మన బాట్ ఐదు విషయాలు అడిగేది: పనిలో చేరిన తేదీ, చివరి తేదీ, బేసిక్ జీతం, జీతం లేని సెలవులు, ఆఖరున ఎమిరేట్స్ ఐడీ నంబరు. అప్పుడే జవాబు.

ఈ దారిలోకి నూరు మంది దిగారనుకోండి. 96 మంది చేరిన తేదీ చెప్పారు. 91 మంది చివరి తేదీ కూడా చెప్పారు. బేసిక్ జీతం దగ్గర 48 మందే మిగిలారు. సెలవుల ప్రశ్న దాటింది 45 మంది. ఐడీ నంబర్ ఇచ్చింది 22 మంది.

ఎక్కడ ఎక్కువ పోయారు? ఊరికే మనుషుల్ని లెక్కపెడితే బేసిక్ జీతం దగ్గర 43 మంది, ఐడీ దగ్గర 23 మంది. అందుకని బేసిక్ ప్రశ్నే చెడ్డదని అనిపిస్తుంది. కానీ ఆ మెట్టు దాకా వచ్చినవాళ్లతో భాగిస్తే వేరేగా ఉంటుంది. బేసిక్ ప్రశ్న చూసింది 91 మంది, పోయింది 43, అంటే సగానికి కొంచెం తక్కువ. ఐడీ ప్రశ్న చూసింది 45 మందే, పోయింది 23, అంటే సగానికి పైనే. చివరి మెట్టు మీద తక్కువ మంది పడటానికి కారణం ఆ మెట్టు మంచిదని కాదు, అక్కడి దాకా వచ్చిందే తక్కువ మంది. మెట్టు మెట్టుకీ విడిగా భాగించాలి. డాష్‌బోర్డ్ చూసేవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే.

రెండు చోట్లా సగం సగం పోయారు, కానీ కారణం ఒకటి కాదు. అది అంకెల్లో కనబడదు, చాట్ చదివితే కనబడింది.

బేసిక్ జీతం దగ్గర వెళ్లిపోయినవాళ్లు వెంటనే వెళ్లిపోలేదు. ఒకతను “1200” అని రాసి, మళ్లీ “అది మొత్తం, బేసిక్ ఎంతో తెల్వదు” అని రాశాడు. ఇంకొకతను “పగార్ 1100 అన్నా” అన్నాడు. బాట్‌కి పగార్ అన్న మాట నేర్పలేదు, “క్షమించండి, అర్థం కాలేదు” అంది. ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో `jeetam 1100` అని కొట్టాడు. మళ్లీ అర్థం కాలేదంది. `jitham` అని ఇంకోసారి. మూడోసారికి ఆపేశాడు. చూశారా, ఈయన తెలియక ఆగలేదు, మన బాట్‌కి భాష రాక ఆగాడు. కరీంనగర్ తమ్ముడు పగార్ అంటాడు, కడప అన్న జీతం అంటాడు, ఇంకొకరు శాలరీ అంటారు. ఇక్కడ అవన్నీ తెలుగే. అన్నీ చేర్చాం. కానీ ఎక్కువ మంది ఇబ్బంది అది కాదు. వాళ్లకు చేతికి వచ్చే డబ్బు తెలుసు, కాంట్రాక్ట్‌లో బేసిక్ ఎంత, అలవెన్సులు ఎంత అన్నది తెలియదు. ఎవరైనా చెప్తేగా!

ఐడీ దగ్గర అలా లేదు. ప్రశ్న చూశారు, రెండు నీలి టిక్కులు పడ్డాయి, ఆ తర్వాత ఒక్క అక్షరం లేదు. తప్పు రాయడం లేదు, మళ్లీ అడగడం లేదు. ఎక్కువ మంది తిరిగి రాలేదు. తెలియనివాడు ఏదో ఒకటి రాసి తడబడతాడు. భయపడినవాడు నిశ్శబ్దంగా తలుపు వేసుకుంటాడు. మన వాలంటీర్లు తమకు ముందే తెలిసిన కొందరిని అడిగితే ఇదే చెప్పారు: “నంబర్ ఇస్తే కంపెనీకి తెలుస్తదేమో అన్నా.” న్యాయమైన భయమే. అసలు గ్రాట్యుటీ లెక్క చేయడానికి ఐడీ నంబర్ ఎందుకు? అవసరం లేదు. ఫారంలో ఉంటే బాగుంటుందని ఎవరో పెట్టారు. ఎవరో ఏమిటి, నేనే పెట్టాను. దాన్ని తీసేశాం. ఇప్పుడు లెక్క ముందు చెబుతుంది. ఫిర్యాదుకు మన వాలంటీర్ సాయం కావాలి అని నొక్కినవాళ్లతో మన మనిషే మాట్లాడతాడు. అక్కడ కూడా నంబర్ చాట్‌లో అడగడం మానేశాం.

ఐడీ దగ్గర పని అంత సులువుగా అయింది. బేసిక్ దగ్గర మాత్రం నేను ఒక తప్పు చేశాను. ఆ తప్పు చెప్పడానికే అసలు ఇంతసేపు మాట్లాడుతున్నాను.

జనం “బేసిక్” అన్న మాట దగ్గర ఆగుతున్నారు కదా అని, ప్రశ్న మార్చి “మీ జీతం ఎంత?” అని పెట్టాను. మర్నాటి నుంచి అద్భుతం. ఆ మెట్టు మీద ఎవరూ ఆగడం లేదు. డ్రాప్-ఆఫ్ గీత నేలకు దిగిపోయింది. అవును అన్నవాళ్లు పెరిగారు, బొటనవేళ్లు పెరిగాయి. రెండు వారాలు నేను కాలరెగరేసుకుని తిరిగాను.

తర్వాత ఒక తమ్ముడు వాలంటీర్‌కి ఫోన్ చేశాడు. మూడేళ్లు పనిచేసి క్యాన్సిల్ అయ్యాడు. “బాట్ 2,520 దిర్హాములు వస్తయని చెప్పింది, కంపెనీ 1,680 ఇస్తుంది, 840 మింగేసిండ్రు” అని గొడవకు సిద్ధంగా ఉన్నాడు. లెక్క చూశాం. అతనికి చేతికి వచ్చేది 1,200. బేసిక్ 800, మిగతా 400 అలవెన్సులు. 800ను 30తో భాగించి, 21తో గుణిస్తే ఏడాదికి 560. మూడేళ్లకు 1,680. కంపెనీ ఇచ్చింది సరైన లెక్కే. మన బాట్ 1,200 మీద లెక్క కట్టింది, ఏడాదికి 840 చొప్పున 2,520 చెప్పింది. ఆ కంపెనీ మందూబ్ ముందు అతను మన మాట నమ్ముకుని అరిచి, సంతకం పెట్టనని వచ్చేశాడు. ఫ్లైట్ టికెట్ దగ్గర పడింది. అదృష్టం బాగుండి ముందు మనకు ఫోన్ చేశాడు.

మన డాష్‌బోర్డ్‌లో ఇతని సంభాషణ ఎలా ఉందో తెలుసా? పూర్తయింది. మధ్యలో వదల్లేదు. జవాబు దొరికిందా అంటే అవును. బొటనవేలు పైకి. మూడు లెక్కల్లోనూ ఫస్ట్ క్లాస్. చెప్పింది మాత్రం తప్పు. ఈ మూడు అంకెలూ జవాబు అందిందా, అందుకున్నవాడికి నచ్చిందా అని చెబుతాయి. జవాబు సరైనదా అని ఒక్కటీ చెప్పదు. ఎక్కువ డబ్బు వస్తుందని చెప్తే ఎవరికి నచ్చదు?

అప్పటి నుంచి ప్రతి వారం, “రిజాల్వ్డ్” అని ఉన్న సంభాషణల్లోంచే ఇరవై తీసి, కార్మిక చట్టం తెలిసిన మన సభ్యుడొకరు చేత్తో లెక్క సరిచూస్తున్నారు. కావాలనే మంచి మార్కులు వచ్చినవాటిలోంచి తీస్తాం. అలా చూస్తుండగానే ఇంకోటి బయటపడింది. ఇళ్లలో పనిచేసే ఒక అక్క గ్రాట్యుటీ అడిగితే బాట్ కంపెనీ కార్మికుల లెక్క చెప్పింది. ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఇక్కడ చట్టమే వేరు, ఈ 21 రోజుల లెక్క వాళ్లది కాదు. ఆ అక్క కూడా “థాంక్యూ” అనే రాసింది. ఇప్పుడు మొట్టమొదటి ప్రశ్న “కంపెనీ పనా, ఇంటి పనా?” అని ఉంది. ఇంటి పని అంటే నేరుగా మన మనిషికి వెళుతుంది.

బేసిక్ ప్రశ్నను మళ్లీ వెనక్కి తెచ్చాం, ఈసారి దారి చూపిస్తూ. “కాంట్రాక్ట్‌లో Basic Salary అని ఉన్నచోట అంకె చూడండి” అని, కాంట్రాక్ట్ కాగితం బొమ్మ మీద ఆ చోటికి బాణం గుర్తు పెట్టాం. కాగితం లేకపోతే కార్మిక శాఖ యాప్‌లో కాంట్రాక్ట్ ఎలా తెరవాలో చెప్పాం. కింద మూడు బటన్లు. వాట్సాప్ ఒక మెసేజ్ కింద మూడుకు మించి బటన్లు ఇవ్వనివ్వదు, ఒక్కో బటన్ మీద ఇరవై అక్షరాలకు మించి పట్టవు. మన తెలుగులో గుణింతం గుర్తులు, పొల్లులు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. “కాంట్రాక్ట్” అని రాస్తేనే పదకొండు అయిపోతాయి! అందుకే ఆ బటన్ల మీద మాటలు కాస్త మొరటుగా ఉన్నాయి, తప్పుగా అనుకోకండి. “తెలీదు” నొక్కితే బాట్ లెక్క చెప్పదు, వాలంటీర్‌కి పంపిస్తుంది. దీంతో వాలంటీర్‌కి వెళ్లేవాళ్లు పెరిగారు, సాఫ్ట్‌వేర్ వాళ్ల పచ్చ అంకె పడిపోయింది. పడనివ్వండి అన్నాను.

వదిలేయడానికి మూడో కారణం ఒకటుంది, అది ప్రశ్నతో సంబంధం లేనిది. ఎండాకాలంలో, జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు, మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా బయట ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నియమం. ఆ నీడలో కూర్చుని చాలామంది బాట్‌కి రాస్తారు. మూడింటికి విజిల్ ఊదుతారు, ఫోన్ జేబులో పెట్టేస్తారు. వదిలేసినవాటిని ప్రశ్నల వారీగా కాకుండా గడియారం వారీగా పెట్టి చూస్తే మూడు గంటల దగ్గర ఒక గుట్ట కనబడింది, ఏ ప్రశ్న అని లేకుండా అన్ని ప్రశ్నల దగ్గరా. వీళ్లు రాత్రి ఎనిమిది, తొమ్మిదికి తిరిగొచ్చారు కూడా. కానీ మన బాట్ మతిమరుపుది, మొత్తం మొదటి నుంచి అడిగింది. అలసిపోయి ఉన్నవాడు ఇంకెందుకు చెప్తాడు? ఇప్పుడు ఆపిన చోటు నుంచే అందుకుంటుంది.

ఇక సంతృప్తి. జవాబు తర్వాత బొటనవేలు పైకా, కిందికా అని అడుగుతాం. చెబితే నమ్మరు గానీ, ఇది అన్నిటికన్నా బలహీనమైన అంకె. మొదటి సంగతి, చివరి దాకా వచ్చినవాళ్లనే అది అడుగుతుంది. కోపంతో మధ్యలో పోయినవాడి ఓటు అందులో ఉండదు. బస్సు దిగి వెళ్లిపోయినవాళ్లను వదిలేసి, చివరి స్టాపులో దిగినవాళ్లను మాత్రం ప్రయాణం ఎలా ఉందని అడిగినట్టు. రెండో సంగతి మన మర్యాద. మనం ఎదుటివాణ్ని ముఖం మీద కాదనం. అందులో ఫోరం వాళ్లు ఊరికే సాయం చేస్తున్నారు, కిందికి వేలు పెడితే ఏం బాగుంటుంది అనుకుంటాం.

మూడు నెలలుగా జీతం రాని ఒకాయన అడిగాడు. బాట్ పన్నెండు వరుసల జవాబిచ్చింది, కార్మిక శాఖలో ఫిర్యాదు ఎలా పెట్టాలో. నాలుగు సెకన్లలో “సరే సార్, థాంక్స్ సార్” అని వచ్చింది. డాష్‌బోర్డ్‌లో సంతృప్తి. కానీ పన్నెండు వరుసలు నాలుగు సెకన్లలో ఎవరు చదువుతారు? అది చదివినవాడి “సరే” కాదు, ఫోర్‌మన్ ముందు అలవాటైన “సరే”. ఆయన తర్వాత మన వాలంటీర్‌ని కలిసినప్పుడు తెలిసింది, ఫిర్యాదు పెట్టలేదు. అంత పొడుగు చూసి మనవల్ల కాదనుకున్నాడట. అప్పటి నుంచి జవాబుకూ థాంక్స్‌కూ మధ్య ఎంత సమయం ఉందో చూస్తున్నాం. చదవడానికి చాలనంత తక్కువ ఉంటే ఆ థాంక్స్‌ను సంతృప్తిలో కలపం. ఆ జవాబును కూడా ముక్కలు చేశాం, ఒక్కో మెసేజ్‌కి ఒక్కో పని.

మాటల్లో చెప్పేదాని కన్నా చేతల్లో కనబడే గుర్తులు నమ్మదగ్గవి. అదే ప్రశ్న స్పెల్లింగ్ మార్చి మళ్లీ రాయడం. వరసగా ప్రశ్నార్థకాలు కొట్టడం. బటన్లు ఉన్నా వాయిస్ మెసేజ్ పంపడం. “మనిషి ఉన్నారా?” అని అడగడం. ఈ చివరిదాన్ని రెండోసారి అడిగాడంటే ఆ సంభాషణలో ఇంకేం ఉన్నా అది అసంతృప్తే. ఇప్పుడు రెండోసారి దాకా ఆగం, మొదటిసారి అడిగినప్పుడే ఇచ్చేస్తాం.

నిజంగా తెలుసుకోవాల్సింది వేరే: డబ్బు చేతికొచ్చిందా? ఇది జవాబిచ్చిన నిమిషంలో అడిగే ప్రశ్న కాదు. చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. కాబట్టి చివరి తేదీ దాటి 14 రోజులయ్యాక అడుగుతున్నాం: “వచ్చింది, తక్కువ వచ్చింది, రాలేదు.” ఇందులో ఒక చిక్కుంది. వాట్సాప్ నియమం ప్రకారం మీరు చివరిసారి రాసిన 24 గంటల వరకే మనం ఇష్టమొచ్చినట్టు రాయగలం. ఆ తర్వాత వాళ్ల దగ్గర ముందే ఆమోదం పొందిన మెసేజ్ మాత్రమే పంపాలి, మీ అనుమతి కూడా ఉండాలి. అందుకే లెక్క చెప్పిన చివర “14 రోజుల తర్వాత అడగమంటారా?” అని బాట్ అడుగుతుంది. అది వ్యాపార ప్రకటన కోసం కాదు.

ఇంకో చిక్కు, గ్రాట్యుటీ తీసుకున్నవాళ్లలో చాలామంది ఊరికెళ్లిపోతారు. ఇక్కడి సిమ్ ఆగిపోయాక వాట్సాప్ ఇండియా నంబరుకు మార్చుకుంటే మన మెసేజ్ ఒక్క టిక్ దగ్గరే ఆగిపోతుంది. వాళ్లకు డబ్బు వచ్చిందో రాలేదో మనకు తెలియదు. వాళ్లను “తెలియదు” గడిలోనే ఉంచుతున్నాం. జవాబు చెప్పినవాళ్లలో “తక్కువ వచ్చింది” అన్నవాళ్లకు ఆ రోజే వాలంటీర్ ఫోన్ చేస్తున్నాడు. అందులో కొన్ని కంపెనీ తప్పులు, కొన్ని జీతం లేని సెలవు రోజులు మనవాళ్లు తక్కువ చెప్పినవి.

మీలో కొందరు టీ దగ్గర అడిగారు, “అయితే మా చాట్‌లు మీరు చదువుతారా?” అని. చదువుతాం. నంబర్లు, పేర్లు చెరిపేశాక, ముగ్గురు మాత్రమే. ఇష్టం లేనివాళ్లు మెనూలో చివరిది నొక్కితే మీది ఆ ఇరవైలోకి రాదు. జవాబు మాత్రం మామూలుగానే వస్తుంది.

ఇక మీ వైపు నుంచి ఒకటి. జవాబు పనికి రాకపోతే “సరే” అనకండి, “లేదు” నొక్కండి. మన బాట్ దగ్గరే కాదు, మీ సిమ్ కంపెనీ బాట్ దగ్గరైనా, డబ్బు పంపే ఎక్స్‌ఛేంజ్ బాట్ దగ్గరైనా అంతే. మీరు ఊరుకుంటే చాలా చోట్ల అది పరిష్కారమైన ఖాతాలోకి పోతుంది. “లేదు” అన్నది ఒక్కటే అక్కడి గుమస్తా కళ్లబడే అవకాశం ఉన్న మాట.

వచ్చే నెల పని వాయిస్ మెసేజ్‌లు. ఇప్పుడు వాయిస్ వస్తే బాట్ “టైప్ చేయండి” అంటోంది, అక్కడ పోయేవాళ్లు చాలామంది. చదువు రానివాళ్లని ముందు అనుకున్నాం. కానీ చేతులకు సిమెంటు ఉన్నవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఎవరు ఎంతో ఇంకా తేలలేదు. మీలో వాయిస్ పంపి ఆగిపోయినవాళ్లు ఉంటే, భోజనాల దగ్గర నన్ను పట్టుకుని చెప్పండి. నేను అన్నం కౌంటర్ పక్కనే ఉంటాను.